మిర్చి తొడిమలు తీసే మహిళలకు పరిశోధనలో ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి

ప్రశ్న: "గుంటూరులో మిర్చి తొడిమలు తీసే మహిళల దగ్గు, ఆయాసం గురించి పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక్కొక్కరితో గంటన్నర ఇంటర్వ్యూ ఉంటుంది, తర్వాత ఒకరోజు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష ఉంటుంది. రోజంతా కూర్చుంటే వాళ్ళకు 400 దాకా వస్తుందట. మా గైడు మనిషికి 500 ఇవ్వమంటున్నారు. ఎథిక్స్ కమిటీలో ఒకరు పేదవాళ్ళకు డబ్బు చూపించడం ప్రలోభమే, ఏమీ ఇవ్వవద్దంటున్నారు. నేను ఏం చేయాలి?"

ఇంటర్వ్యూ సాయంత్రం ఇంటి దగ్గర చేస్తే 150 రూపాయలు, పని వేళలో చేస్తే ఒక పూట కూలి 200 రూపాయలు ఇవ్వండి. ఆసుపత్రికి పిలిచిన రోజున పూర్తి రోజు కూలి 400 ఇచ్చి, ఆటో ఖర్చు, మధ్యాహ్న భోజనం విడిగా భరించండి. ఈ డబ్బు ఆమె వచ్చినందుకు, తన సమయం ఇచ్చినందుకు ఇవ్వాలి. జవాబులన్నీ చెప్పినందుకో, పరీక్ష పూర్తి చేసినందుకో ఇవ్వకూడదు. మీ అధ్యయనంలో ప్రలోభం ప్రమాదకరంగా మారేది ఈ ఒక్క తేడా దగ్గరే. 150 ఇవ్వాలా 200 ఇవ్వాలా అన్నది దాని తర్వాతి విషయం.

నేను పదహారేళ్ళుగా విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో శ్రామిక కుటుంబాల ఆరోగ్య సర్వేలు చేస్తున్నాను. కొంతకాలం ఒక ఎథిక్స్ కమిటీలో సామాజిక శాస్త్రవేత్త స్థానంలో సభ్యురాలిగా కూడా ఉన్నాను. కాబట్టి మీ గైడు మాటలోనూ, ఆ సభ్యుడి మాటలోనూ ఉన్న ఆందోళన నాకు తెలుసు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ ఏ మాటనూ అలాగే అమలు చేయలేము.

ముందు "ఏమీ ఇవ్వవద్దు" అన్న మాటను చూద్దాం. తొడిమలు తీసే స్త్రీ చాలా చోట్ల కిలోల లెక్కన కూలి తీసుకుంటుంది. ఆమె గంటన్నర సేపు మీతో మాట్లాడితే ఆ గంటన్నర కాయలు ఆమె గంపలో ఉండవు. మీరు ఏమీ ఇవ్వకపోతే మీ పరిశోధన ఖర్చులో కొంత భాగాన్ని ఆమె కూలిలోంచి తీసుకున్నట్లే అవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పాల్గొనేవారికి ప్రయాణ ఖర్చులు తిరిగి ఇవ్వవచ్చునని, వారు వెచ్చించిన సమయానికి, పడిన అసౌకర్యానికి, పోగొట్టుకున్న కూలికి నగదుగా గాని వస్తురూపంగా గాని చెల్లించవచ్చునని అవి చెబుతాయి. ఆ మొత్తమూ పద్ధతీ కమిటీ ఆమోదం పొందాలని, అది ప్రలోభంగా మారేంత పెద్దది కాకూడదని కూడా చెబుతాయి. కమిటీ ముందు మీరు ఈ భాగాన్ని ఉటంకిస్తే "ఇవ్వడమే తప్పు" అన్న చర్చ అక్కడితో ముగుస్తుంది.

ఇక ప్రలోభం అంటే ఏమిటన్నది. పేదరాలు డబ్బు కోసం ఒప్పుకున్నంత మాత్రాన ఆమె విచక్షణ పోయిందని అనుకోకూడదు. ఆమె రోజూ డబ్బు కోసమే ఘాటులో కూర్చుంటోంది, దాన్ని ఎవరూ ప్రలోభం అనడం లేదు. నా దృష్టిలో అనుచిత ప్రలోభం రెండు సందర్భాల్లో ఏర్పడుతుంది. డబ్బు లేకపోతే తాను ఎంతమాత్రం ఒప్పుకోని ప్రమాదానికి డబ్బు వల్ల ఒప్పుకోవడం మొదటిది. డబ్బు చేజారిపోతుందన్న భయంతో తనకు హాని కలిగించగల విషయాన్ని దాచిపెట్టడం రెండవది. రెండింటిలోనూ ప్రమాదం అన్నది ఉండి తీరాలి. ప్రమాదం లేని చోట కాస్త ఎక్కువ డబ్బు ఇచ్చినా అది మన బడ్జెట్టుకు నష్టమే తప్ప ఆమెకు హాని కాదు. అందువల్ల "ఎంత ఇస్తే ఎక్కువ అవుతుంది" అని అడిగే ముందు "నా అధ్యయనంలో ఆమెకు జరగగల హాని ఏమిటి" అని రాసి పెట్టుకోండి.

మీ అధ్యయనంలో నాకు రెండు హానులు కనిపిస్తున్నాయి. ఇంటర్వ్యూలో కూలి రేట్ల గురించి, మాస్కులు ఇస్తారా లేదా అన్నదాని గురించి ఆమె చెప్పిన మాటలు మేస్త్రీ చెవినో వ్యాపారి చెవినో పడితే మర్నాడు ఆమెకు పని దొరకకపోవచ్చు. ఇది మొదటిది. ఆసుపత్రిలో చేసే స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి బలంగా ఊదే పరీక్ష, రెండవది.

ఈ రెండవదాని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రలోభం అన్న మాట ఇక్కడ నిజమైన అర్థంలో వర్తిస్తుంది. స్పైరోమెట్రీ సాధారణంగా సురక్షితమైన పరీక్ష. నిండా గాలి పీల్చి, ఉన్న బలమంతా ఉపయోగించి, ఊపిరి అయిపోయేదాకా ఊదాలి. సరిగా వచ్చిన ఊదుళ్ళు కనీసం మూడు కావాలి కాబట్టి కొందరు ఏడెనిమిది సార్లు ఊదవలసి వస్తుంది. తల తిరగవచ్చు, దగ్గు తెర రావచ్చు. అయితే ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఇటీవల కంటి ఆపరేషనో కడుపు ఆపరేషనో అయినవారు, కఫంలో రక్తం పడుతున్నవారు ఈ పరీక్షకు దూరంగా ఉండాలి, లేదా డాక్టరు చూసి అనుమతించాలి. అలా ఊదినప్పుడు ఛాతీలో, కడుపులో, కంటిలో ఒత్తిడి పెరగడమే దానికి కారణం. ఈ సంగతులు తెలుసుకోవడానికి పరీక్షకు ముందు ఒక ప్రశ్నల పట్టీ ఉంటుంది. ఆ ప్రశ్నలకు ఆమె నిజం చెప్పడమొక్కటే ఆమెకు రక్షణ. ఇప్పుడు డబ్బును పరీక్ష పూర్తి చేయడానికి ముడిపెట్టామనుకోండి. "ఈ మధ్య ఏదైనా ఆపరేషన్ అయిందా" అన్న ప్రశ్నకు "అయింది" అని చెబితే ఆ రోజు 400 పోతాయి, పనికి వెళ్ళలేదు కాబట్టి ఆ రోజు కూలి కూడా పోతుంది. అంటే నిజం చెప్పినందుకు ఆమెకు మనమే జరిమానా వేస్తున్నాం.

ఈ పొరపాటు నేను స్వయంగా చేశాను. చాలా ఏళ్ళ క్రితం విజయవాడ కొండవాలు బస్తీల్లో కట్టెల పొయ్యి మీద వండే స్త్రీలతో ఒక అధ్యయనం చేశాం. పరీక్ష పూర్తి చేసినవారికే డబ్బు అని నియమం పెట్టుకున్నాం. అప్పట్లో అది పొదుపుగా, న్యాయంగా కూడా తోచింది. యాభై దాటిన ఒకామె పట్టీలోని ప్రశ్నలన్నిటికీ "లేదు" అని చెప్పి రెండుసార్లు ఊదింది. మూడోసారి ఊదే ముందు కళ్ళు తుడుచుకోవడానికి సంచిలోంచి గుడ్డ తీస్తుంటే కంటి చుక్కల మందు సీసా కింద పడింది. కొద్ది రోజుల క్రితమే ఆమెకు కంటిశుక్లం ఆపరేషన్ జరిగింది. పరీక్ష ఆపేసి, వెంటనే కంటి డాక్టరుకు చూపించాం. అదృష్టవశాత్తు ఏ హానీ జరగలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే ఆమె తడుముకోకుండా, "చెబితే పంపించేస్తారు గదమ్మా, పొద్దుటి నుంచి కూర్చున్నాను" అంది. ఆమె మాటలో మోసం లేదు, తప్పంతా మా నియమంలో ఉంది. అప్పుడు మేము ఇచ్చిన మొత్తం ఒక రోజు కూలి కంటే తక్కువే. మొత్తం చిన్నదైనా దాన్ని ముడిపెట్టిన చోటు తప్పైతే ప్రలోభం పుడుతుందని నాకు అర్థమైంది ఆ రోజునే.

ఆ తర్వాత నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ఆసుపత్రి గుమ్మంలో పేరు నమోదు కాగానే, ప్రశ్నల పట్టీ తీయకముందే, ఆ రోజు కూలి మొత్తం కవరులో పెట్టి చేతికి ఇచ్చేస్తాం. ఆ తర్వాతే "ఇప్పుడు అడిగే ప్రశ్నలు మీ క్షేమం కోసం అడుగుతున్నాం, మీ జవాబు ఏదైనా ఆ డబ్బు మీదే, తిరిగి అడగం" అని చెప్పి పట్టీ మొదలు పెడతాం. పరీక్షకు పనికిరారని తేలినవారికి కూడా అదే మొత్తం, అదే ఆటో ఖర్చు, అదే భోజనం. పనికిరారని తేలినవారికి తక్కువ ఇవ్వడమంటే దాచిపెట్టమని చెప్పడమే. ఈ పద్ధతి వల్ల మీ బడ్జెట్టు కొంత పెరుగుతుంది. 60 మందికి పరీక్ష కావాలంటే 70 మందికి చెల్లించేలా వేసుకోండి. ఆ పది మంది డబ్బును కమిటీకి ఇచ్చే పత్రంలో భద్రత ఖర్చు కింద చూపించండి, ఎందుకంటే అది నిజంగానే భద్రత ఖర్చు.

ఇప్పుడు 500 సంగతి. గంటన్నర మాటకు రోజు కూలి కంటే ఎక్కువ ఇవ్వడం దానంతట అదే పాపం కాదు. అయితే మీ పరిస్థితిలో దాని వల్ల మూడు ఇబ్బందులు వస్తాయని నా అనుభవం. వీధిలో మాట పాకి, తొడిమలు ఎన్నడూ తీయనివారు కూడా తీస్తామని చెబుతారు. మేస్త్రీ తనకు కావలసినవారిని పంపి, వాళ్ళ దగ్గర వాటా తీసుకుంటాడు. అన్నిటికంటే ముఖ్యంగా, అంత డబ్బు తీసుకుని ఒక ప్రశ్నకు జవాబు చెప్పనంటే బాగుండదని ఆమె మొహమాటపడి, చెప్పకూడదనుకున్న సంగతి కూడా చెప్పేస్తుంది. మన వైపు డబ్బు పుచ్చుకున్నాక మాట కాదనడం మర్యాద కాదన్న భావం బలంగా ఉంది కదా.

మరి 150కి నేను ఎలా వచ్చానంటే: 400ను ఎనిమిది గంటలకు పంచితే గంటకు 50. ఇంటర్వ్యూ గంటన్నర, పరిచయం, సమ్మతి పత్రం చదివి వినిపించడం, ఎదురుచూడడం కలిపి మరో అరగంట, వెరసి రెండు గంటలకు 100. పగలంతా పని చేసి వచ్చిన స్త్రీ, వంట చేసుకోవలసిన సాయంత్రపు రెండు గంటలను పగటి గంటలతో సమానంగా లెక్కించడం న్యాయం కాదని నా అభిప్రాయం, కాబట్టి ఒకటిన్నర రెట్లు చేసి 150. పని వేళలో అయితే లెక్క వేరు. రెండు గంటలు లేచి వెళ్ళినవారికి పూట పనే పోయే చోట్లు ఉన్నాయి కాబట్టి, పోయేది రెండు గంటల కూలి కాదు, ఒక పూట కూలి. ఆ విషయం మీ ప్రాంతంలో ఎలా ఉందో నలుగురైదుగురిని అడిగి తెలుసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఒక పూట విలువ, శీతల గిడ్డంగుల సరుకు మీద పని నడిచే మిగతా నెలల్లో ఒక పూట విలువ ఒకటి కావు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆమెకు ఇప్పుడు వస్తున్న కూలినే కొలమానంగా తీసుకుంటే, ఆ కూలి అన్యాయంగా తక్కువైనప్పుడు మన చెల్లింపు కూడా అదే అన్యాయాన్ని కొనసాగిస్తుంది. వైద్య శాస్త్రాల అంతర్జాతీయ సంస్థల మండలి, అంటే సీఐఓఎంఎస్, 2016లో ప్రచురించిన మార్గదర్శకాలు సమయానికి పరిహారం లెక్కించేటప్పుడు ఆ ప్రాంతపు కనీస గంట వేతనాన్ని ఆధారంగా తీసుకోవచ్చునని సూచిస్తాయి. మీరు రాష్ట్ర కార్మిక శాఖ ప్రకటించిన కనీస వేతనాన్ని చూసి, అది 400 కంటే ఎక్కువగా ఉంటే దాని మీదే లెక్క కట్టండి. నేను రాసిన అంకెలను అప్పుడు దామాషాగా పెంచుకోండి. కమిటీ ముందు నిలబడేది ఈ లెక్కే. "తగినంత పారితోషికం" అని రాస్తే సందేహాలు వస్తాయి. గంటలు, రేటు, ఆటో ఖర్చు వేర్వేరు వరుసల్లో రాస్తే సాధారణంగా రావు.

మొదటి హాని, అంటే పని పోతుందన్న భయం గురించి. ఇక్కడ డబ్బు తగ్గిస్తే ప్రలోభం తగ్గుతుందని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. డబ్బు తగ్గిస్తే ప్రమాదం అలాగే ఉంటుంది, ఆమెకు వచ్చేది మాత్రం తగ్గుతుంది. ప్రమాదం భయపెట్టేంతగా ఉంటే తగ్గించవలసింది ప్రమాదాన్ని. కాబట్టి పని స్థలంలో ఇంటర్వ్యూ వీలైనంత వరకు మానండి. వ్యాపారి పేరు, గిడ్డంగి పేరు రాసుకోకండి, ఆమె చెప్పినా కాగితం మీద పెట్టకండి. మేస్త్రీ ద్వారా మనుషులను పిలిపించకండి. మేస్త్రీ చెబితే వచ్చిన స్త్రీకి "ఇష్టం లేకపోతే వెళ్ళవచ్చు" అని మీరు ఎంత చెప్పినా ఆమె చెవికి ఎక్కదు, ఎందుకంటే రేపు ఆమెకు పని చెప్పేది మీరు కాదు. అది ప్రలోభం కాదు, అంతకంటే చెడ్డదైన ఒత్తిడి. దానికి డబ్బు లెక్కలతో పరిష్కారం లేదు.

ఇంటర్వ్యూలో డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది నేను చాలాకాలం తేల్చుకోలేకపోయాను. చివర ఇస్తే మధ్యలో లేచి వెళ్ళేవారికి ఇబ్బంది. మొదట ఇస్తే పైన చెప్పిన మొహమాటం. చివరకు సమ్మతి తీసుకున్న వెంటనే ఇచ్చి, మొహమాటాన్ని వేరే విధంగా తగ్గించడం మొదలుపెట్టాను. అసలు ప్రశ్నలకు ముందు ఒక అభ్యాసం చేయిస్తాను. "ఇప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతాను, మీరు దానికి జవాబు చెప్పనని అనండి చూద్దాం" అని, ఇంట్లో బంగారం ఎంత ఉంది అని అడుగుతాను. ఆమె నవ్వి "అది చెప్పనమ్మా" అంటుంది. "ఇలాగే ఏ ప్రశ్నకైనా అనవచ్చు" అని చెప్పి ముందుకు వెళతాను. ఒకసారి నోటితో కాదన్న మనిషికి రెండోసారి కాదనడం తేలికవుతుంది. ఈ అభ్యాసం మొదలు పెట్టాక మా ఇంటర్వ్యూల్లో వదిలేసిన ప్రశ్నలు పెరిగాయి. నేను దాన్ని మంచి సూచనగానే తీసుకున్నాను.

సమ్మతి పత్రంలో డబ్బు ప్రస్తావన హానుల తర్వాత రావాలి, అంకెతో సహా రావాలి. మేము వాడే వాక్యాలు ఇవి: "ఈ రోజు మీరు మాకు ఇచ్చిన సమయానికి 150 రూపాయలు ఇస్తాము. మీరు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పకపోయినా, మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఈ డబ్బు మీదే. మీరు రానంటే మీ పనికి గాని, ప్రభుత్వం నుంచి మీకు వచ్చే వాటికి గాని ఏ సంబంధమూ ఉండదు." చివరి వాక్యం అనవసరమనిపించవచ్చు కానీ తప్పక ఉంచండి. చేతిలో కాగితాలతో ఇంటికి వచ్చిన వారెవరైనా పెన్షన్ కోసమో ఇంటి స్థలం కోసమో వచ్చారని అనుకోవడం మన వాడల్లో సహజం. ఆ ఆశ మీరు ఇచ్చే 150 కంటే చాలా పెద్ద ప్రలోభం.

ఎవరు అర్హులో ముందుగా చాటకండి. "ఏడాది పైగా తొడిమలు తీసి, దగ్గు ఉన్నవారు కావాలి" అని వాడలో చెబితే సాయంత్రానికి అందరికీ దగ్గు ఉంటుంది. స్త్రీల పని, ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నామని మాత్రమే చెప్పి, అర్హత ప్రశ్నలను వేరే ప్రశ్నల మధ్య కలిపి అడగండి. ఆ పది నిమిషాలకు, అర్హులైనా కాకపోయినా, అందరికీ ఒక చిన్న మొత్తం, మా వరకు 30 రూపాయలు, ఇవ్వండి.

చెల్లింపు ఫోన్ ద్వారా చేస్తే లెక్కలు సులువని విశ్వవిద్యాలయం వారు అంటారు. చాలామంది స్త్రీల ఇళ్ళల్లో ఆ ఫోను భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. డబ్బు వచ్చిన సందేశం ముందు వాళ్ళే చూస్తారు. పైగా ఆమె పేరు, నంబరు మీ ఖాతా చరిత్రలో శాశ్వతంగా మిగులుతాయి. నేను నగదే ఇస్తాను. రసీదు మీద సంకేత సంఖ్య, సంతకం లేదా వేలిముద్ర ఉంటాయి. పేర్లున్న రిజిస్టరు వేరే బీరువాలో, ఇంటర్వ్యూ కాగితాలకు దూరంగా ఉంటుంది. ఆడిట్ విభాగం దీనికి ఒప్పుకుంటుందో లేదో క్షేత్రానికి వెళ్ళకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఒకసారి మేము ఆ పని చేయకపోవడంతో, పని అంతా అయిపోయాక పేర్లు ఇవ్వమని ఒత్తిడి వచ్చింది. రెండు నెలల ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత గాని ఆ పేర్లను కాపాడుకోలేకపోయాం.

మొదటి పది మందితో చేసి ఒక వారం ఆగండి. ఆ వారంలో ఎంతమంది రానన్నారు, ఎన్ని ప్రశ్నలు వదిలేశారు, "దీని వల్ల మీకు ఏ ఇబ్బంది రావచ్చు" అని అడిగితే ఎంతమంది తమ మాటల్లో చెప్పగలిగారు అన్న మూడు విషయాలు రాసి ఉంచండి. పది మందిలో ఒక్కరు కూడా కాదనక, ఒక్క ప్రశ్న కూడా వదలక, ఇబ్బంది గురించి అడిగితే డబ్బు గురించే చెబుతుంటే, మొత్తం మార్చే ముందు వాళ్ళను ఎవరు పంపారో, సమ్మతి పత్రం ఎవరు ఎంత వేగంగా చదివారో చూడండి. నాకు తెలిసిన సందర్భాల్లో తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరికింది. అదే వారంలో వచ్చినవారంతా ఒకే వీధివారో ఒకే ముఠావారో అయితే మాత్రం మొత్తం ఎక్కువైందని కూడా అనుమానించవచ్చు. అప్పుడు కమిటీకి ఒక సవరణ పత్రం పంపి, ఆమోదం వచ్చాకే తగ్గించండి. అప్పటికే మాట ఇచ్చినవారికి మాత్రం పాత మొత్తమే ఇవ్వండి.